మసక స్కాన్లకు జత పేజీలు

పాత తెలుగు పత్రికల స్కాన్లు చదివే అలవాటున్నవాళ్లకు ఒక ఇబ్బంది బాగా తెలుసు. 'కథ' అన్న మాట దగ్గర థ కడుపులో చుక్క ఉందో లేదో తేలదు. స్క్రీన్ మీద ఎంత పెద్దది చేసినా బూడిద రంగు మరకే పెద్దదవుతుంది తప్ప చుక్క బయటపడదు. పాత అచ్చులో 'కథ' అనీ 'కధ' అనీ రెండు రకాలుగానూ కనిపిస్తుంది కాబట్టి, అక్కడ ఏది పడిందో తెలియడం భాష గురించి పనిచేసేవాళ్లకు అవసరం. పేరులో ద ఉందో ధ ఉందో, ఇకారానికి గుడి పడిందో గుడిదీర్ఘం పడిందో అన్నవీ ఇలాంటి ప్రశ్నలే.

ఈ మసకకు కారణం చిన్న లెక్కలో ఉంది. అచ్చు కొలతలో అంగుళానికి 72 పాయింట్లు. 12 పాయింట్ల అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు కలుపుకుని దక్కే ఎత్తు అంగుళంలో ఆరోవంతు. అంగుళానికి 150 పిక్సెళ్ల చొప్పున, అంటే 150 డీపీఐలో స్కాన్ చేస్తే ఆ మొత్తం ఎత్తుకు 25 పిక్సెళ్లు వస్తాయి. అందులో థ లోపలి చుక్కకు మిగిలేది ఒకటో రెండో. దాని మీద జేపెగ్ కుదింపు కూడా పడితే ఆ ఒకటీ రెండూ పక్క పిక్సెళ్లలో కలిసిపోతాయి. అదే పేజీని 300 డీపీఐలో తీసి ఉంటే ఎత్తు 50 పిక్సెళ్లయ్యేది, చుక్క చుక్కగా నిలిచేది.

మళ్లీ స్కాన్ చేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. పుస్తకం ఇంకా ఉంటే అంతకన్నా మంచి మార్గం లేదు. చాలాచోట్ల ఎదురయ్యే పరిస్థితి వేరు. ఒక గ్రంథాలయం ఒక పత్రిక సంపుటాలన్నిటినీ కొన్నేళ్ల కిందట 150 డీపీఐలో స్కాన్ చేయించి పెట్టుకుంది అనుకుందాం. ఆ తర్వాత చెదలకూ తడికీ చాలా సంపుటాలు పోయాయి. ఇప్పుడు బీరువాలో అయిదే మిగిలాయి. పోయినవాటికి మసక స్కాన్లే దిక్కు. మిగిలిన అయిదింటికి మాత్రం పాత మసక స్కానూ ఉంది, కాగితమూ ఉంది. ఆ కాగితాన్ని ఈసారి బాగా స్కాన్ చేస్తే ఒకే పేజీకి రెండు బొమ్మలు దొరుకుతాయి, ఒకటి మసకది, ఒకటి స్పష్టమైనది. ఇలాంటి జతలు చూపించి ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కు మసక నుంచి స్పష్టతకు దారి నేర్పవచ్చు. నేర్చుకున్నాక, కాగితం పోయిన సంపుటాల స్కాన్ల మీద దాన్ని నడపవచ్చు. ఈ పనిని సూపర్ రిజల్యూషన్ అంటారు.

నెట్‌వర్క్ చేయగలిగినదేమిటో ముందే స్పష్టం చేసుకోవాలి. రెండింతలు పెంచడమంటే ఒక పిక్సెల్ స్థానంలో నాలుగు పెట్టడం. ఆ నాలుగింటి విలువలు మసక బొమ్మలో లేవు. ఒకే మసక మరకను ఇవ్వగల స్పష్టమైన ఆకారాలు ఎన్నో ఉంటాయి. వాటిలో ఏది ఎక్కువగా వస్తుందో జతలు చూసి నేర్చుకుని, నెట్‌వర్క్ ఊహిస్తుంది. 2014లో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయానికి చెందిన చావో డాంగ్ బృందం ఎస్ఆర్‌సీఎన్ఎన్ పేరుతో దీన్ని మూడు పొరల నెట్‌వర్క్‌తో చేసి చూపించింది. అందులో ఒక రూపానికి ఉన్న బరువులు 8,032 మాత్రమే. శిక్షణకు మొదట వాడినవి 91 ఫోటోలు, వాటినే 33×33 పిక్సెళ్ల ముక్కలుగా కోసి దాదాపు 24,800 నమూనాలు చేశారు. ఆ తర్వాత కోట్ల బరువులున్న నెట్‌వర్కులు వచ్చాయి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకు అంత అవసరం లేదు. శ్రమంతా జతలు తయారుచేయడంలోనే ఉంది, ఫలితం మంచిదా చెడ్డదా అన్నదీ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

జతలు తయారుచేయడానికి ఒక సులువైన దారి ఉంది. స్పష్టమైన బొమ్మలు తీసుకుని కంప్యూటర్‌లోనే సగానికి కుదించి, ఆ కుదించినదాన్ని మసక బొమ్మగా వాడడం. పరిశోధనల్లో ఎక్కువగా జరిగేది ఇదే. 2017లో వచ్చిన డివ్2కె అన్న డేటాసెట్‌లో వెయ్యి ఫోటోలుంటాయి, 800 శిక్షణకు, వంద సరిచూడటానికి, వంద పరీక్షకు. వాటిలో ఎక్కువగా వాడే మసక ప్రతులు బైక్యూబిక్ అనే పద్ధతిలో కుదించినవే. ఇలా నేర్చిన నెట్‌వర్క్ అలా కుదించిన బొమ్మల మీద అద్భుతంగా పనిచేస్తుంది. నిజమైన స్కాన్ ఇస్తే తడబడుతుంది. స్కానర్ కటకం తెచ్చే మసక, గాజు కింద బండి కదలిక తెచ్చే మసక, జేపెగ్ మరకలు, వెనకపేజీ సిరా కనబడడం, ఇవేవీ దానికి పాఠంలో రాలేదు. అలాంటప్పుడు అది మసకను అలాగే వదిలేస్తుంది, లేదా జేపెగ్ మరకలనే పదును పెట్టి గీతలుగా చూపిస్తుంది. ఈ లోపం తెలిసే 2019లో హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం బృందం రియల్ఎస్ఆర్ అనే డేటాసెట్ చేసింది. ఒకే దృశ్యాన్ని జూమ్ కటకంతో వేర్వేరు నాభ్యంతరాల్లో ఫోటో తీసి నిజమైన జతలు కూర్చారు. మన గ్రంథాలయానికి అలాంటి నిజమైన జతలు బీరువాలోనే ఉన్నాయి.

కొత్త స్కాన్ దగ్గర కొన్ని విషయాల్లో పట్టుదల ఉండాలి. 600 డీపీఐలో, బూడిద రంగు స్థాయిల్లో తీసి, టిఫ్‌గానో పీఎన్‌జీగానో దాచాలి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో పదును పెట్టడం, కాంట్రాస్ట్ పెంచడం, నేపథ్యం తెల్లబరచడం వంటివి తమంతట తామే పనిచేస్తుంటాయి, వాటన్నిటినీ ఆపేయాలి. లేకపోతే అక్షరం చుట్టూ సాఫ్ట్‌వేర్ గీసే తెల్లని అంచును నెట్‌వర్క్ అచ్చులో భాగమని నేర్చుకుంటుంది. నలుపు తెలుపు రెండే స్థాయిల్లో స్కాన్ చేయకూడదు, అంచుల దగ్గరి బూడిద ఛాయల్లోనే గీత ఎక్కడ మొదలైందన్న సమాచారం ఉంటుంది.

తీసిన స్కాన్‌ను సగానికి కుదించి 300 డీపీఐకి తేవాలి. ఇక్కడ ప్రతి నాలుగు పిక్సెళ్ల సగటు తీసే పద్ధతే వాడాలి, ఓపెన్‌సీవీలో దాని పేరు `INTER_AREA`. అదే లైబ్రరీలో `INTER_CUBIC` పెట్టి కుదిస్తే అది ముందుగా నునుపు చేయదు, సన్నని గీతలు అక్కడక్కడా తెగి రంపపు పళ్లలా వస్తాయి. పిల్లో లైబ్రరీలో అదే బైక్యూబిక్ కుదింపు ఆ నునుపు చేసే ఇస్తుంది. పేరు ఒకటే, పని రెండు రకాలు. చాలామంది కొత్తవాళ్లకు తేడా కనబడేది ఫలితాలు చెడిపోయాకే.

ఇక అసలు కష్టం, రెండు బొమ్మలనూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం. ఆ రోజు పేజీని గాజు మీద పెట్టిన కోణం వేరు, ఈ రోజు పెట్టిన కోణం వేరు. కాగితం కొంత సాగి ఉంటుంది, కొంత ముడిచి ఉంటుంది. రెండు స్కానర్ల బళ్లూ ఒకే వేగంతో నడవవు. పాత స్కాన్‌లో ఒక పిక్సెల్ తేడా అంటే 300 డీపీఐ బొమ్మలో రెండు పిక్సెళ్లు, అంటే ఒక సన్నని గీత వెడల్పంత. ఇలా జరిగిన జతలతో నేర్పితే నెట్‌వర్క్‌కు ఒకచోట గీత కొంచెం ఎడమకు, మరోచోట కొంచెం కుడికి చూపించినట్టవుతుంది. అది మధ్యేమార్గం పట్టి రెండింటి సగటు గీస్తుంది. రబ్బరు స్టాంపును కాస్త జరిపి రెండుసార్లు వేసినట్టు గీత వెడల్పయి, పలచనై వస్తుంది. శిక్షణ ఎన్ని గంటలు పొడిగించినా ఈ మసక పోదు, ఎందుకంటే నెట్‌వర్క్ తనకు చూపించినదాన్ని సరిగ్గానే నేర్చుకుంది.

కూర్పు రెండు అంచెల్లో చేయాలి. ముందు మొత్తం పేజీకి కలిపి కోణం, కొలత, జరుగుడు కనిపెట్టాలి. దీనికి కొత్త స్కాన్‌ను తాత్కాలికంగా 150 డీపీఐకి కుదించి, రెండు బొమ్మల్లోనూ గుర్తుపట్టదగిన బిందువులను వెతికి జత కలుపుతారు. ఓపెన్‌సీవీలో `ORB` ఆ పని చేస్తుంది. తెలుగు లిపిలో ఒకే రకమైన గుండ్రాలూ తలకట్లూ వందలసార్లు వస్తాయి కాబట్టి తప్పు జతలు చాలా పడతాయి. ఎక్కువ బిందువులు ఒప్పుకున్న కదలికను ఉంచి మిగతావాటిని తీసేసే `RANSAC` పద్ధతి ఇక్కడ తప్పనిసరి. రెండో అంచెలో పేజీని 256 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఇంకా మిగిలిన జరుగుడును కొలవాలి. పిక్సెల్‌లో పదోవంతు వరకూ పట్టగల ఫేజ్ కోరిలేషన్ దీనికి సరిపోతుంది.

```python
w = cv2.createHanningWindow((256, 256), cv2.CV_32F)
(dx, dy), r = cv2.phaseCorrelate(old_blk, new_blk, w)
```

ఇందులో `dx`, `dy` అనేవి అడ్డంగా, నిలువుగా ఎంత జరిగిందో చెబుతాయి, `r` ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. పక్కపక్క గళ్ల కొలతలు నెమ్మదిగా మారుతూ పోవాలి. ఒక గడిలో ఒక్కసారిగా పెద్ద సంఖ్య వస్తే అక్కడ కొలత తప్పిందని అర్థం. రెండు అంచెల కదలికలనూ కలిపి 300 డీపీఐ బొమ్మను ఒక్కసారే జరపాలి, జరిపిన ప్రతిసారీ కొంత పదును పోతుంది. జరిపాక మళ్లీ కొలవాలి. పాత స్కాన్ పిక్సెల్‌లో పావువంతుకు మించి తేడా మిగిలిన గళ్లను నిర్దయగా పారేయాలి. కుట్టు దగ్గర పేజీ వంపు తిరిగే పట్టీ దాదాపు ప్రతి పేజీలోనూ ఇలా పోతుంది, దానికి బాధపడనక్కర్లేదు.

ఇందులో ఒక నియమం ఎప్పటికీ తప్పకూడదు. జరిపేది ఎప్పుడూ కొత్త బొమ్మనే. పాత స్కాన్‌ను తిప్పినా సాగదీసినా దానిలోని జేపెగ్ మరకల తీరు మారిపోతుంది. రేపు కాగితం పోయిన సంపుటాల మీద నెట్‌వర్క్ నడిచేటప్పుడు దానికి ఎదురయ్యేది తాకని పాత స్కానే, కాబట్టి పాఠంలో కూడా అదే కనబడాలి.

కూర్పు సరిపోయిందో లేదో కళ్లతోనే చూడవచ్చు. కొత్త బొమ్మను కుదించి పాతదానిలోంచి తీసివేసి, తేడాను బూడిద రంగు మీద చూపించాలి. సరిగ్గా కూర్చుంటే ప్రతి గీతకూ రెండు పక్కలా సమానమైన సన్నని అంచు కనబడుతుంది. ఒకవైపు నల్లగా, మరోవైపు తెల్లగా, అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కినట్టు కనబడితే ఇంకా జరిగి ఉన్నాయన్నమాట.

తర్వాత వెలుగు సరిచేయాలి. పాత స్కాన్ తీసిననాటికీ ఇప్పటికీ కాగితం ఇంకొంత పసుపెక్కి ఉంటుంది, స్కానర్ దీపమూ వేరే. ప్రతి పేజీలో కాగితం విలువ, సిరా విలువ రెంటినీ కొలిచి, కొత్త బొమ్మను ఒక గుణకం, ఒక కూడికతో పాతదాని స్థాయికి తెస్తే చాలు. ఇది వదిలేస్తే ఉన్న కాస్త శక్తినీ నెట్‌వర్క్ కాగితం రంగు మార్చడానికే ఖర్చుపెడుతుంది.

ఇప్పుడు ముక్కలు కోయాలి. పాత స్కాన్ నుంచి 48×48, కొత్తదాని నుంచి అదే చోట 96×96. ఏ4 పేజీ 150 డీపీఐలో 1240×1754 పిక్సెళ్లు, అంటే ఒక్కో పేజీకి 25 వరుసల్లో 36 చొప్పున 900 ముక్కలు. శిక్షణకు అరవై పేజీలు తీసుకుంటే 54,000. అంచుల్లోని ఖాళీ కాగితం, వరుసల మధ్య తెలుపు, కూర్పు కుదరని గళ్లు తీసేస్తే సగమే మిగిలిందనుకున్నా 27,000 జతలుంటాయి, ఇంత చిన్న నెట్‌వర్క్‌కు అవి ధారాళం. ఖాళీ ముక్కలను పట్టడానికి పిక్సెల్ విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చూస్తే చాలు. కొద్ది ఖాళీ ముక్కలను మాత్రం ఉంచాలి. అవి బొత్తిగా లేకపోతే వెనకపేజీ సిరా మరకలో కూడా నెట్‌వర్క్‌కు అక్షరాలు కనబడతాయి.

శిక్షణకూ పరీక్షకూ ముక్కలను కలగాపులగంగా పంచకూడదు. ఒకే పేజీలోని పక్కపక్క ముక్కలు చెరోవైపు పడితే పరీక్ష పేరుకే పరీక్ష. అదే అచ్చు, అదే సిరా, అదే కాగితం దానికి ముందే తెలుసు. అయిదు సంపుటాల్లో మూడు శిక్షణకు, ఒకటి మధ్యమధ్య సరిచూసుకోవడానికి, ఒకటి చివరి పరీక్షకు. ఆఖరి సంపుటాన్ని పని పూర్తయ్యేవరకూ తెరవకూడదు. వీలైతే అది వేరే సంవత్సరంది కావాలి, అరిగిపోయిన టైపుతో పడిన సంవత్సరమైతే మరీ మంచిది.

నెట్‌వర్క్ మొత్తం ఇంతే:

```python
net = nn.Sequential(
    nn.Conv2d(1, 32, 5, padding=2), nn.ReLU(),
    nn.Conv2d(32, 32, 3, padding=1), nn.ReLU(),
    nn.Conv2d(32, 32, 3, padding=1), nn.ReLU(),
    nn.Conv2d(32, 4, 3, padding=1),
    nn.PixelShuffle(2))
```

మొదటి పొర 5×5 కిటికీలోంచి బొమ్మను చూసి 32 రకాల లక్షణాలు తీస్తుంది, ఇక్కడో అడ్డగీత, అక్కడో వంపు అన్నట్టు. మధ్య పొరలు రెండూ వాటిని కలుపుతాయి. ఆఖరి పొర ప్రతి పాత పిక్సెల్‌కూ నాలుగు విలువలు ఇస్తుంది, `PixelShuffle` వాటిని రెండు అడ్డం రెండు నిలువుగా పేర్చి బొమ్మను రెండింతలు చేస్తుంది. బరువులన్నీ కలిపి 20,484. పెద్ద పనంతా చిన్న బొమ్మ మీదే జరుగుతుంది కాబట్టి మామూలు లాప్‌టాప్ కూడా మోయగలదు.

ఈ పొరల కిటికీలు కలిపితే ఒక్కో పిక్సెల్‌ను నిర్ణయించేటప్పుడు నెట్‌వర్క్ చూసేది పాత స్కాన్‌లో 11×11 పిక్సెళ్ల చోటు. 12 పాయింట్ల అచ్చు వరుసలో సగం ఎత్తు కూడా కాదు. దానికి మాట తెలియదు, వాక్యం తెలియదు, ఒక్కోసారి పూర్తి అక్షరం కూడా కనబడదు. నా ఉద్దేశంలో ఈ పనికి అది మేలే. నిఘంటువు తెలిసిన యంత్రమైతే పత్రికలో పడిన 'కధ'ను దిద్ది 'కథ' చేసే ప్రమాదముంది. మనకు కావలసింది ఆ రోజు అచ్చులో పడినది.

శిక్షణలో ప్రతి అడుగూ ఇలా ఉంటుంది:

```python
for lo, hi in loader:
    up = F.interpolate(lo, scale_factor=2, mode="bicubic",
                       align_corners=False)
    out = net(lo) + up
    loss = F.mse_loss(out[..., 10:-10, 10:-10],
                      hi[..., 10:-10, 10:-10])
    opt.zero_grad(); loss.backward(); opt.step()
```

మసక ముక్కను మామూలు పద్ధతిలో రెండింతలు చేసి, దానికి నెట్‌వర్క్ ఇచ్చిన దిద్దుబాటు కలుపుతున్నాం. అంటే నెట్‌వర్క్ బొమ్మనంతా గీయనక్కర్లేదు, తేడా ఒక్కటి నేర్చుకుంటే చాలు. నాలుగు అంచుల్లోనూ పది పిక్సెళ్లు లెక్కలోంచి తీసేయడానికీ కారణముంది. ముక్క అంచు దాటాక నెట్‌వర్క్‌కు సున్నాలు కనబడతాయి, సున్నా అంటే నలుపు. తెల్ల కాగితం చుట్టూ నల్ల చట్రం ఉన్నట్టు చూసి నేర్చుకున్నది తప్పుడు పాఠమే. పూర్తి పేజీ మీద నడిపేటప్పుడు కూడా అంచుల చుట్టూ కాగితాన్నే అద్దంలోలా ప్రతిబింబింపజేసి కొంత చేర్చుకోవాలి.

ఒక్కో అడుగుకు 16 ముక్కలు. 27,000 ముక్కలూ ఒకసారి తిరగడానికి దాదాపు 1,700 అడుగులు, అలాంటి ఆవృత్తులు నలభై. ఆడమ్ అనే పద్ధతిలో 0.001 వేగంతో మొదలుపెట్టి, చివరి పది ఆవృత్తుల్లో 0.0001కి తగ్గిస్తే సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్ మీద కూడా ఒక రాత్రి పని. ఫోటోలతో నేర్పేవాళ్లు ముక్కలను తిప్పీ, అద్దంలోలా తిరగేసీ నమూనాలు పెంచుకుంటారు. అక్షరాలకు అది పనికిరాదు. తిరగేసిన తలకట్టు ఏ పేజీలోనూ రాదు. పైగా స్కానర్‌లో అడ్డం మసకకు కారణం కటకం, నిలువు మసకకు కారణం బండి కదలిక. తొంభై డిగ్రీలు తిప్పితే ఆ రెండూ కలిసిపోతాయి.

తప్పును కొలిచే పద్ధతి గురించి ఒక మాట. 2017 తర్వాత చాలామంది తేడాల వర్గానికి బదులు తేడాలనే కూడే పద్ధతికి మారారు, బొమ్మ కాస్త పదునుగా వస్తుందని. పాత పత్రికల విషయంలో నేను వర్గం వైపే ఉంటాను. ఒక మరక చూసి అక్కడ చుక్క ఉండే అవకాశం నూటికి నలభై అని నెట్‌వర్క్ అంచనా వేసిందనుకోండి. తేడాలను కూడే పద్ధతి మెజారిటీ వైపు మొగ్గి చుక్కను పూర్తిగా చెరిపేస్తుంది. చూసేవాడికి శుభ్రమైన ధ కనబడుతుంది, అనుమానమే రాదు. వర్గం పద్ధతి సగటు తీస్తుంది కాబట్టి నలభై పాళ్ల బూడిద రంగు మచ్చను వదులుతుంది. ఆ మచ్చ చూసి చదివేవాడు ఆగుతాడు. సందేహం ఉన్నచోట సందేహం కనబడడమే నిజాయితీ.

ఫలితాన్ని కొలవడానికి పీఎస్ఎన్ఆర్ అనే డెసిబెల్ కొలత వాడతారు. పిక్సెల్ విలువలు సున్నా నుంచి ఒకటి వరకూ ఉంటే, సగటు వర్గ దోషం 0.01 అయితే 20 డెసిబెల్స్, 0.001 అయితే 30. దోషం సగానికి తగ్గితే మూడు పెరుగుతుంది. ఈ సంఖ్య ఒక్కటే చెబితే అర్థం లేదు, అదే పేజీని నెట్‌వర్క్ లేకుండా బైక్యూబిక్‌తో పెంచితే ఎంత వస్తుందో పక్కన పెట్టాలి. సెట్5 అనే అయిదు ఫోటోల ప్రసిద్ధ పరీక్షలో రెండింతలకు బైక్యూబిక్ 33.66, ఎస్ఆర్‌సీఎన్ఎన్ 36.66. ఆ ఫోటోలు కంప్యూటర్‌లో కుదించినవి. నిజమైన స్కాన్ల మీద అంత తేడా ఆశించకూడదు. పేజీ మొత్తం మీద కాక సిరా ఉన్నచోట్లే కొలవాలి, లేకపోతే ఖాళీ కాగితమే మార్కులన్నీ తెచ్చిపెడుతుంది. అంకె బైక్యూబిక్‌ను దాటకపోతే నెట్‌వర్క్‌ను పెద్దది చేయాలని తొందరపడకుండా కూర్పు దగ్గరికి తిరిగి వెళ్లాలి. `net(lo)` ఇచ్చే దిద్దుబాటును మాత్రమే బొమ్మగా చూస్తే విషయం తెలిసిపోతుంది. గీతలకు రెండు పక్కలా సన్నని దిద్దుబాటు వస్తే మంచిది. అన్ని గీతలకూ ఒకే పక్కన వస్తే జతలన్నీ ఒకేవైపు జరిగి ఉన్నాయి, నెట్‌వర్క్ బొమ్మను జరపడమే నేర్చుకుంది.

డెసిబెల్స్ చెప్పలేనిది ఇంకొకటుంది. థ చుక్క రెండు మూడు పిక్సెళ్లది. అది పోయినా పేజీ మొత్తం సగటులో కనబడదు. అందుకే దాచిపెట్టిన అయిదో సంపుటంలోంచి ద, ధ, థ, ప, ఫ, డ, ఢ, బ, భ, గుడి, గుడిదీర్ఘం వచ్చే వరుసలు ఏరాలి. అసలు పేజీ చూడని ఒక మంచి చదువరికి ముందు మామూలుగా పెంచినవి, కొన్ని రోజుల తర్వాత నెట్‌వర్క్ పెంచినవి ఇచ్చి, చదివింది రాయమనాలి. తెలియకపోతే తెలియదని రాయమనాలి. తర్వాత 600 డీపీఐ స్కాన్‌తో సరిచూడాలి. ఎన్ని తప్పులు తగ్గాయన్నది ఒక లెక్క. తెలుసని ధైర్యంగా రాసి తప్పినవి ఎన్ని పెరిగాయన్నది అంతకన్నా ముఖ్యమైన లెక్క. రెండోది పెరిగితే ఆ నెట్‌వర్క్ డెసిబెల్స్ ఎంత బాగున్నా వాడకూడదు.

ఇది ఊరికే పడే భయం కాదు. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్, జిరాక్స్ సంస్థ వర్క్‌సెంటర్ యంత్రాలు స్కాన్‌లో అంకెలనే మార్చేస్తున్నాయని బయటపెట్టారు. ఒకలా కనబడే ముక్కలను ఒకే ముక్కగా దాచే కుదింపు వల్ల 6 ఉన్నచోట 8 వచ్చింది. అంకె మసకగా లేదు, పదునుగా, అందంగా, తప్పుగా ఉంది. ఇళ్ల నమూనా పటాల్లో గదుల కొలతలు మారిపోయాయి. 2017లో వచ్చిన ఎస్ఆర్‌గాన్ తరహా నెట్‌వర్కులు కళ్లకు నిజంలా కనబడే వివరాలను పుట్టించడానికే నేర్చుకుంటాయి. ముఖచిత్రానికి అవి బాగుండవచ్చు, చరిత్రకు సాక్ష్యమయ్యే పేజీకి వద్దు.

ఈ చిన్న నెట్‌వర్క్ హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఇది ఒక స్కానర్, ఒక కుదింపు, ఒక రకం అచ్చు చూసి నేర్చుకుంది. వేరే గ్రంథాలయం వేరే స్కానర్‌తో తీసిన పేజీల మీద దీన్ని నడిపితే ఫలితానికి పూచీ లేదు, అక్కడి జతలతో మళ్లీ నేర్పాలి. పేజీలోని ఫోటోలు చుక్కల అచ్చులో పడినవి, ఆ చుక్కలను ఇది అక్షరాల గీతల్లా మార్చబోతుంది కాబట్టి ఫోటోలున్న చోటును వదిలేయాలి. పాత స్కాన్‌లో రెండు అక్షరాలు పూర్తిగా కలిసిపోయి తెల్ల చోటు బొత్తిగా లేకపోతే ఏ శిక్షణా దాన్ని తిరిగి ఇవ్వలేదు. నెట్‌వర్క్ పెంచిన ప్రతిని పాత స్కాన్ పక్కనే, పెంచినదని పేరులోనే రాసి ఉంచాలి. పాతదాన్ని చెరిపి దాని స్థానంలో ఇది పెట్టకూడదు.

చివరిగా ఒక విన్నపం. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు మొదలుపెట్టిన 'భారతి' లాంటి పత్రికల బైండు సంపుటాలు ఇంకా కొన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయి. స్కాన్ ఎలాగూ నెట్‌లో దొరుకుతోంది కదా అని వాటిని తూకానికి వేయకండి. ఒక్క సంపుటం కాగితం మిగిలితే దానితో సరిపోల్చి మిగతా సంపుటాల మసక స్కాన్లకు పాఠం చెప్పవచ్చు. అది కూడా పోయాక థ కడుపులో చుక్క ఉందో లేదో చెప్పగల సాక్షి ఇక ఎవరూ ఉండరు. దగ్గరలోని గ్రంథాలయానికి చెప్పండి, లేదా మీరే 600 డీపీఐలో, బూడిద రంగులో, ఏ దిద్దుబాటూ లేకుండా స్కాన్ చేసి దాచండి. కాగితాన్ని కూడా దాచండి.